హోల్డ్ అంటే సీటు మీద కర్చీఫ్ కాదు

సెప్టెంబర్ 11, గురువారం మధ్యాహ్నం. క్యాంటీన్లో చెయ్యి కడుక్కుంటుంటే తెలియని నంబరు నుంచి ఫోన్. "సార్, సింగరాయకొండ నుంచి మాట్లాడతన్నా. మా అబ్బాయికి మీ ఫ్యాక్టరీలో ఉద్యోగం హోల్డులో పెట్టారంట గదా. ఎప్పుడు రమ్మంటారో కనుక్కుందామని" అన్నారు అవతలి పెద్దాయన. అబ్బాయి పేరు చెప్పగానే గుర్తొచ్చాడు. ఆగస్టులో సరుకు నాణ్యత చూసే క్యూసీ పోస్టుకి ఇంటర్వ్యూ బాగా చేశాడు. జీతం కూడా మాట్లాడుకున్నాం. ఆఫర్ లెటర్ మాత్రం ఇవ్వలేదు.

"నియామకాలు ఆగిపోయినాయి సార్, ఎప్పుడనేది మాకే తెలియదు" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "అట్టయితే హోల్డులో పెట్టామని ఎందుకు చెప్పినారు సార్? మావాడి కోసం పోస్టు పట్టి ఉంచారనుకున్నాం. భీమవరంలో వచ్చిన ఉద్యోగం వద్దని చెప్పేశాడు."

ఆ ఫోన్ తర్వాత నాకు భోజనం సయించలేదు. ఆయన కోప్పడి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పేవాణ్ణి. కోప్పడలేదు. ఆయన హోల్డు అన్న మాటకి ఉన్న మామూలు అర్థమే తీసుకున్నారు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే ఆ సీటు మనకి హోల్డులో ఉన్నట్టే. మా ఆఫీసు భాషలో హోల్డు అంటే బస్సే స్టాండ్‌లో ఆగిపోయింది, బయల్దేరుతుందో లేదో డ్రైవర్‌కి కూడా తెలియదు అని. ఒకే మాట, రెండు వ్యతిరేక అర్థాలు. మేం పంపిన మెసేజ్‌లో ఆ తేడా చెప్పే వాక్యం ఒక్కటి కూడా లేదు.

నెల్లూరు జిల్లాలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మనుషుల్ని తీసుకునే పని నాది. ఉద్యోగాలివ్వడం, లేదనడం రెండూ ఎలాగో అలవాటైపోతాయి. ఆపడం ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పరు. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, తర్వాత ఎలా సరిచేశామో తేదీలతో సహా చెప్తాను.

2025 ఆగస్టు మొదట్లో మాకు పది పోస్టులకి అనుమతి వచ్చింది. రాత్రి షిఫ్టు మొదలుపెట్టాలని ప్లాను. నలుగురు క్యూసీ టెక్నాలజిస్టులు, ల్యాబ్‌లో ఇద్దరు మైక్రోబయాలజిస్టులు, ముగ్గురు ప్రొడక్షన్ సూపర్‌వైజర్లు, అమ్మోనియా కంప్రెసర్ల దగ్గర ఒక ఆపరేటరు. ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదివినవాళ్ల నుంచి కావలి, ఒంగోలు వైపు బీఎస్సీ పిల్లల దాకా చాలామంది వచ్చారు. అప్పటికే ఆగస్టు 7 నుంచి మన సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం వేసింది. మరో 25 శాతం ఆగస్టు 27 నుంచి, సరిగ్గా వినాయక చవితి రోజున అమల్లోకి వచ్చింది. మన రొయ్యలకి అన్నిటికంటే పెద్ద మార్కెట్టు అమెరికానే. మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ వేసే యాంటీ డంపింగ్ సుంకాలు అంతకు ముందునుంచే ఉన్నాయి. పండగ మర్నాడు పొద్దున్నే పైనుంచి నాకు వచ్చిన ఆదేశం ఒకే మాట: "రిక్రూట్‌మెంట్ హోల్డ్."

ఆగస్టు 29న నేను అందరికీ ఒకే మెసేజ్ పెట్టాను. సిగ్గుపడుతూనే ఇక్కడ ఇస్తున్నాను: "కొన్ని అనివార్య కారణాల వల్ల నియామక ప్రక్రియ తాత్కాలికంగా హోల్డ్‌లో ఉంది. మీ ప్రొఫైల్ మా పరిశీలనలో ఉంది. త్వరలో తెలియజేస్తాం." 

ఇందులో అబద్ధం ఎక్కడుంది అని అడగొచ్చు. విడివిడిగా చూస్తే ఏ మాటా అబద్ధం కాదు. కానీ "తాత్కాలికంగా" అన్నాం, తాత్కాలికమో కాదో మాకు తెలియదు. "పరిశీలనలో ఉంది" అన్నాం, ఆ ఫైళ్లను ఎవరూ తెరవడం లేదు. "త్వరలో" అన్నాం, ఆ మాట వెనక తేదీ లేదు. చదివినవాడికి ఈ మూడూ కలిసి ఒకటే చెప్తాయి: కాస్త ఓపిక పట్టు, వస్తుంది. సింగరాయకొండ అబ్బాయి ఓపిక పట్టాడు. భీమవరం వాళ్లు సెప్టెంబర్ 8న చేరమన్నారు, చేరలేదు.

ఇలాంటి మెసేజ్‌లు చెడ్డ ఉద్దేశంతో రాయరు. మంచి మనుషులు చేజారిపోతారన్న భయంతో రాస్తారు. ప్రొడక్షన్ మేనేజర్ నాతో అన్నమాట కూడా అదే: "వాళ్లని కాస్త వేడిగా ఉంచండి సార్, రేపు ఆర్డర్లొస్తే మళ్లీ ఎక్కడ వెతుకుతాం?" వేడిగా ఉంచడమంటే అసలు అర్థం, మన అవసరం తేలేదాకా వాళ్ల నిర్ణయాన్ని ఆపడం. మన ఖర్చు మిగలడానికి వాళ్ల జీతం పోవడం. జీతం తీసుకునే నేను ఈ లెక్క ముందే వేసుకోవాల్సింది.

అందుకే ఆ తర్వాత ఏ మెసేజ్ రాసినా ఒకటే పరీక్ష పెట్టుకున్నాను. ఇది చదివాక అవతలి మనిషి తన నిర్ణయం తను తీసుకోగలడా? వేరే చోట చేరాలా, ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలా, నెల్లూరులో హాస్టల్‌కి అడ్వాన్స్ కట్టాలా? వాళ్లకి కావాల్సింది ఈ మూడు ప్రశ్నలకి జవాబు. మెసేజ్ ఎంత మర్యాదగా ఉన్నా వీటికి జవాబు లేకపోతే అది వాళ్లకి పనికిరాదు.

జవాబు చెప్పాలంటే ముందు మనకి తెలియాలి. కష్టమంతా ఇక్కడే. కంపెనీలో "హోల్డ్" అన్న ఒక్క మాటలో కనీసం మూడు రకాల సంగతులుంటాయి. పోస్టు ఉంది, బడ్జెట్టూ ఉంది, ఒక సంతకం ఆగింది: ఇది ఒకటి. పోస్టు ఉంది, బయట ఏదో జరిగితేనే నింపుతారు: ఇది రెండోది. పోస్టు నిజానికి పోయింది, ఆ మాట పైకి అనడం ఎవరికీ ఇష్టం లేక హోల్డ్ అంటున్నారు: ఇది మూడోది. మొదటిదాన్లో వారం పది రోజులు ఆగమనొచ్చు. రెండోదాన్లో ఆగమని అడిగే హక్కు మనకి లేదు. మూడోదాన్లో హోల్డ్ అనడమే తప్పు, లేదని చెప్పేయాలి.

ఏది ఏదో తేల్చడానికి సెప్టెంబర్ 11 సాయంత్రం జనరల్ మేనేజర్ గదిలో కూర్చున్నాను. హోల్డు ఎప్పుడు తీస్తారని అడిగితే లాభం లేదు, "చూద్దాం" అంటారు. ఏం జరిగితే తీస్తారని అడగాలి. ఆయన మొదట "ఆర్డర్లొస్తే" అన్నారు. ఎన్ని ఆర్డర్లు సార్ అని పట్టుబడితే లెక్క బయటికొచ్చింది. నెలకి 30 కంటైనర్లు దాటితే రాత్రి షిఫ్టు గిట్టుబాటవుతుంది. ఆ నెల మా చేతిలో 16 ఉన్నాయి. ఈ పది పోస్టుల జీతాలు మార్చి దాకా బడ్జెట్‌లో ఉన్నాయా అని ఫైనాన్స్ ఆయన్ని అడిగితే, ఉన్నాయిగానీ అక్టోబర్ చివర మళ్లీ చూస్తారు, అప్పటికీ షిఫ్టు మొదలవ్వకపోతే తీసేస్తారు అన్నారు. అక్టోబర్ చివర అనేది నాకు దొరికిన మొదటి నిజమైన తేదీ. అప్పటిదాకా మా కంపెనీలోనే ఎవరూ ఆ తేదీని నోటితో అనలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. కంప్రెసర్ ఆపరేటర్ పోస్టు అసలు ఆగలేదు. రాత్రి షిఫ్టు ఉన్నా లేకున్నా కోల్డ్ స్టోరేజీలో సరుకు మైనస్ 18లో ఉండాల్సిందే. అమ్మోనియా దగ్గర మనిషి తక్కువైతే అది ప్రాణాల మీదికొచ్చే వ్యవహారం. నేను మాత్రం "రిక్రూట్‌మెంట్ హోల్డ్" అన్న ఒక్క మాట పట్టుకుని ఆ పోస్టుకి వచ్చినవాళ్లకి కూడా హోల్డు మెసేజ్ పంపేశాను. అందులో ఒకాయన అప్పటికే గూడూరులో వేరే చోట మాట్లాడుకుంటున్నాడు. ఫోన్ చేసి బతిమాలుకోవాల్సి వచ్చింది. హోల్డు ఏ పోస్టుకి, ఏ పోస్టుకి కాదు అని కాగితం మీద రాయించుకోకుండా మెసేజ్ పెడితే ఇలాగే అవుతుంది.

ఆపరేటర్ పోస్టు పక్కన పెడితే మిగిలిన తొమ్మిది పోస్టులకి మా దగ్గర 31 మంది ఉన్నారు. వాళ్లని పోస్టుల వారీగా కాక, మాతో ఎంతదూరం వచ్చారన్నదాన్ని బట్టి విడగొట్టాను. దరఖాస్తు దగ్గరే ఉన్నవాళ్లు 17 మంది. ఇంటర్వ్యూ అయినవాళ్లు తొమ్మిది మంది. నోటిమాటగా సరే అని జీతం కూడా చెప్పించుకున్నవాళ్లు నలుగురు. ఆఫర్ లెటర్ తీసుకుని, ఒప్పుకుని, ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన అమ్మాయి ఒకరు.

పదిహేడు మందితో చిక్కు లేదు. ఇంటర్వ్యూలు జరగడం లేదని ఒక మెసేజ్ చాలు.

ఇంటర్వ్యూ అయిన తొమ్మిది మందిలో ఐదుగురిని మేం ఆ రోజే వద్దనుకున్నాం. ఆ కబురు పంపేలోపు హోల్డు వచ్చింది. ఇప్పుడు వాళ్లకి కూడా "ఆర్డర్లు తగ్గాయి కాబట్టి ఆగింది" అని చెప్పడం ఎంత సుఖమో! ఎవరి మనసూ నొప్పించక్కర్లేదు. కానీ ఆ ఐదుగురూ రాని ఉద్యోగం కోసం అమెరికా వార్తలు చూస్తూ కూర్చుంటారు. కాదన్నవాళ్లకి కాదనే చెప్పాలి, హోల్డు చాటున దాచకూడదు. ఆ ఐదుగురికీ విడిగా చెప్పాను. మిగతా నలుగురికి మాత్రమే హోల్డు సంగతి చెప్పాను.

నోటిమాట ఇచ్చిన నలుగురి దగ్గరే చేతులు వణికేది. కాగితం లేదు కాబట్టి బాధ్యత లేదని కొందరంటారు. మన ఊళ్లలో ఉద్యోగం మాట నోటితో అన్నాక ఇంట్లో కొబ్బరికాయ కొట్టేస్తారు, మేనమామకి ఫోన్ చేసేస్తారు. వాళ్లు మాట మీదే నడుస్తారని తెలిసి మాట ఇచ్చాం. కాబట్టి వీళ్లకి మెసేజ్ సరిపోదు, ముందు ఫోన్ చేయాలి. ఫోన్లో మొదటి వాక్యమే సంగతి చెప్పేయాలి. "ఎలా ఉన్నారు, ఏం చేస్తున్నారు" అని మొదలుపెడితే అవతల పిల్లలు చేరే తేదీ చెప్తారనుకుంటారు. ఈ తప్పు కూడా నేను చేశాను. ఒక అమ్మాయి "చెప్పండి సార్, ఎప్పుడు రావాలి" అని నవ్వుతూ అడిగాక అసలు సంగతి చెప్పాల్సొచ్చింది. ఫోన్ అయ్యాక మాట్లాడిందంతా మెసేజ్‌గా కూడా పంపాలి. ఎందుకంటే విన్నవాళ్లు తమకి కావాల్సిన ముక్కే గుర్తుపెట్టుకుంటారు, ఇంట్లోవాళ్లకి ఆ ముక్కే చెప్తారు.

ఇక రాజీనామా ఇచ్చిన అమ్మాయి. కావలి అమ్మాయి, ఒంగోలులో ఒక ల్యాబ్‌లో చేస్తోంది. ఆగస్టు 18న రాజీనామా, 30 రోజుల నోటీసు, సెప్టెంబర్ 19న మా దగ్గర చేరాలి. ఈమెకి కూడా ఆ ఆగస్టు 29 మెసేజే వెళ్లింది. సెప్టెంబర్ 11 నాటికి నోటీసు గడువు పూర్తవడానికి ఇంకా వారం కూడా లేదు.

ఇక్కడ చట్టం సంగతి కాస్త తెలియాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో ఐదో సెక్షను ప్రకారం, ఎదుటివాళ్లు ఒప్పుకున్నట్టు తెలియజేసేదాకా ప్రతిపాదనని వెనక్కి తీసుకోవచ్చు. తెలియజేశాక తీసుకోలేం. అది ఒప్పందం అయిపోతుంది. మాట తప్పితే నష్టపరిహారం అడిగే దారి 73వ సెక్షనులో ఉంది. ఆఫర్ లెటర్లో "కంపెనీ ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు" లాంటి షరతు ఉంటే వాదన మారొచ్చు, ప్రతి లెటరూ ఒకేలా ఉండదు. ఇరవై రెండు వేల జీతం కోసం ఎవరూ నెల్లూరు కోర్టు చుట్టూ తిరగరన్నది కంపెనీలకి తెలుసు. ఆ ధీమాతోనే చాలాచోట్ల ఇలాంటి లెటర్లని కూడా హోల్డులో పడేస్తారు.

నేను ఎండీ గారి ముందు రెండు లెక్కలు పెట్టాను. ఆ అమ్మాయిని అనుకున్న తేదీకే చేర్చుకుంటే నెలకి 22 వేలు. పగటి షిఫ్టు ల్యాబ్‌లో అప్పటికే ఒకరు ప్రసూతి సెలవుకి వెళ్లబోతున్నారు, కాబట్టి చేతినిండా పని ఉంటుంది. చేర్చుకోకపోతే వెంటనే చెప్పి, రాజీనామా వెనక్కి తీసుకునే ప్రయత్నానికి మేమే ఒక లెటర్ రాసిచ్చి, అది కుదరకపోతే ఒక నెల జీతమైనా ఇవ్వాలి. ఆయన కాసేపు కాగితం చూసి, "లెటర్ ఇచ్చినవాళ్లకి హోల్డు లేదు, అంతే" అన్నారు. అప్పటినుంచి అదే మా రూలు. వేరే చోట ఎండీ ఇంకోలా అనొచ్చు. అప్పుడు చేయాల్సింది ఒకటే, అదే రోజు ఫోన్ చేయడం. రాజీనామా అమల్లోకి రాకముందు వెనక్కి అడిగితే పాత యజమాని ఒప్పుకునే అవకాశం ఉంటుంది. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక మళ్లీ కొత్తగా ఉద్యోగం అడగాల్సిందే. మనం దాచిన ప్రతి రోజూ ఆ తలుపు కొంచెం కొంచెంగా మూసుకుంటుంది.

సెప్టెంబర్ 12, శుక్రవారం పంపిన రెండో మెసేజ్ ఇది. నోటిమాట ఇచ్చినవాళ్లకి ఫోన్ చేశాక పంపినది:

"నమస్తే. మా ప్లాంటులో క్యూసీ పోస్టుకి మీరు ఆగస్టు 12న ఇంటర్వ్యూకి వచ్చారు, జీతం కూడా మాట్లాడుకున్నాం. ఈ పోస్టులు నింపడం ఇప్పుడు ఆపేశాం. ఎగుమతి ఆర్డర్లు తగ్గడం వల్ల రాత్రి షిఫ్టు మొదలుపెట్టడం లేదు. మీ ఇంటర్వ్యూలో లోపం ఏమీ లేదు.

ఈ పోస్టులు మళ్లీ తెరుస్తామో లేదో మాకు తెలియదు. తెరిచినా ఇన్ని ఉంటాయని చెప్పలేం. మీ కోసం పోస్టు పట్టి ఉంచలేదు.

మా కోసం వేరే ఉద్యోగం వదులుకోవద్దు. ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వద్దు. వేరే చోట చేరితే మేం తప్పుగా అనుకోం.

సెప్టెంబర్ 26 శుక్రవారం సాయంత్రం లోపు మళ్లీ మెసేజ్ పెడతాం, కొత్త సంగతి లేకపోయినా పెడతాం. అక్టోబర్ 31 నాటికి ఈ పోస్టులు ఉంటాయో తీసేస్తామో తేల్చి చెప్పేస్తాం.

ఆగస్టు 29న పంపిన మెసేజ్‌లో 'త్వరలో' అని రాశాం. అది రాయకూడదు. క్షమించండి. ఈ ఉద్యోగాల పేరుతో ఎవరు డబ్బు అడిగినా ఇవ్వకండి, మాకు చెప్పండి."

దీన్ని పంపే ముందు రెండు చోట్ల గొడవ జరిగింది. "మీ కోసం పోస్టు పట్టి ఉంచలేదు" అన్న వాక్యం మరీ మొరటుగా ఉందని ప్రొడక్షన్ మేనేజర్ అన్నారు. సింగరాయకొండ పెద్దాయన మాట ఆయనకి చెప్పాను, ఇంక కాదనలేదు. రెండోది కారణం. ఆర్డర్లు తగ్గాయని బయటికి చెప్తే రొయ్యలు అమ్మే రైతులు, బ్యాంకువాళ్లు ఏమనుకుంటారోనని పైవాళ్ల టెన్షన్. ఏ కొనుగోలుదారు ఆగాడు, ఎన్ని కంటైనర్లు తగ్గాయి అన్నది చెప్పక్కర్లేదు. రాత్రి షిఫ్టు మొదలవ్వలేదన్నది మాత్రం గేటు దగ్గర టీ కొట్టు అతనికి కూడా తెలుసు. ఊరందరికీ తెలిసినదాన్ని "అనివార్య కారణాలు" అని రాస్తే మిగతా మెసేజ్‌ని కూడా ఎవరూ నమ్మరు.

మొదట దీన్ని అలవాటు ప్రకారం ఇంగ్లీషులో రాశాను, "కెప్ట్ ఇన్ అబెయన్స్" అంటూ. ఆ మాటకి అర్థం మా ఆఫీసులోనే ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఈ మెసేజ్‌ని అభ్యర్థితో పాటు వాళ్ల నాన్న, అన్న, ఉద్యోగం చూపించిన మామయ్య కూడా చదువుతారు. తెలుగులో రాస్తే దాక్కోడానికి చోటు తక్కువ.

డబ్బు సంగతి ఎందుకు పెట్టామంటే, ఉద్యోగాలు ఆగాయన్న కబురు పొక్కగానే "నాకు లోపల మనుషులున్నారు, ఇరవై వేలిస్తే హోల్డు తీయిస్తా" అనేవాళ్లు పుట్టుకొస్తారు. పోస్టు ఉందో లేదో తెలియని సమయంలో ఇలాంటివాళ్ల మాట బాగా చెల్లుతుంది. అలాగే ఒరిజినల్ సర్టిఫికెట్లు. వెరిఫికేషన్ కోసమని ఇద్దరి డిగ్రీ ఒరిజినల్స్ మా బీరువాలో ఉండిపోయాయి. ఎవరూ కావాలని ఉంచలేదు, ఇచ్చేయాలని ఎవరికీ తట్టలేదు. సర్టిఫికెట్లు మన దగ్గర పెట్టుకుని వేరే ఉద్యోగం చూసుకోమనడం ఏం న్యాయం? ఆ సాయంత్రమే మనిషిని పంపి ఇప్పించాను.

సెప్టెంబర్ 26 వచ్చింది. కొత్త సంగతి ఒక్కటి కూడా లేదు. ఈ రోజే అసలు పరీక్ష. చెప్పడానికేమీ లేనప్పుడు మెసేజ్ ఎందుకు, వచ్చే వారం ఏదన్నా తేలాక పెడదాం అనిపిస్తుంది. అలా ఒక్కసారి తప్పితే అక్టోబర్ 31 అన్నమాట కూడా పోతుంది. నాలుగు లైన్లే పెట్టాను: ఆర్డర్లు పెరగలేదు, పోస్టులు తెరవలేదు, 12న చెప్పినదాంట్లో మార్పు లేదు, తర్వాతి మెసేజ్ అక్టోబర్ 17న. పెట్టిన గంటలో ముగ్గురు థాంక్స్ అని, ఒకరు వేరే చోట చేరానని జవాబిచ్చారు. అలా చేరిన వాళ్ల పేరు జాబితాలోంచి తీసేయాలి, మళ్లీ మెసేజ్‌లు పెట్టి ఊరించకూడదు. 

ఆ మధ్యలో ఇంకో తప్పు బయటపడింది. ఉద్యోగాల సైటులో మా క్యూసీ ప్రకటన అలాగే ఉంది. ఒక అబ్బాయి దాని స్క్రీన్‌షాట్ పంపి, "సార్, ఆపేశామన్నారు, ఇదేంటి?" అని అడిగాడు. వాళ్లు నిజంగానే వేరేవాళ్లని తీసుకుంటున్నారు, నన్ను తప్పించడానికి హోల్డు అన్నారు అనుకోవడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మెసేజ్ పంపేలోపే ప్రకటన తీసేయాలి. ప్లాంటు గేటు మీద, కాలేజీ నోటీసు బోర్డుల మీద అంటించినవి కూడా.

ఏదన్నా హోల్డు నిజానికి చచ్చిపోయిందా అన్నది లోపలున్నవాళ్లకి ముందే తెలుస్తుంది, ఒప్పుకోరంతే. సూపర్‌వైజర్ పోస్టుల విషయంలో అదే జరిగింది. అక్టోబర్ రెండో వారానికి ఆ ముగ్గురి పనినీ పగటి షిఫ్టులో ఉన్నవాళ్లకి పంచేశారు. వాళ్లకి చిన్న అలవెన్సు కూడా కలిపారు. అలవెన్సు కలిపారంటే ఆ పోస్టు ఇక రాదు. నేను అక్టోబర్ 31 దాకా ఆగలేదు. 17నే ఆ పోస్టులకి వచ్చినవాళ్లకి మూసేశామని చెప్పేశాను. ముందే తెలిసినప్పుడు గడువు తేదీ దాకా దాచడం కూడా ఒక రకం అబద్ధమే.

అక్టోబర్ చివరి వారం మొంథా తుఫాను. వానలకి కరెంటు, సిగ్నల్ సరిగ్గా లేవు. ఆ వారమే బడ్జెట్ మీటింగ్. కంటైనర్లు 30కి చేరలేదు, రాత్రి షిఫ్టు ప్లాను పూర్తిగా పక్కన పెట్టారు. కానీ వేరే దేశాలకి వెళ్లే కొత్త రకం ప్యాకింగ్ పని కొంత రావడంతో పగటి షిఫ్టులో రెండు క్యూసీ పోస్టులు ఉంచారు. మిగతావి తీసేశారు. 31న అందరికీ అదే చెప్పాం. మెసేజ్ వెళ్లనివాళ్లకి మర్నాడు మళ్లీ పెట్టాం.

ఆ రెండు పోస్టులకి ముందు ఎవరిని పిలవాలి? నోటిమాట ఇచ్చిన నలుగుర్నే. ఒకరు విశాఖపట్నం వెళ్లిపోయారు. ఒకరు పైచదువుకి చేరారు. ఫోన్లో నవ్వుతూ "ఎప్పుడు రావాలి" అని అడిగిన అమ్మాయి వస్తానంది. నాలుగోవాడు సింగరాయకొండ అబ్బాయి. అతనికి ఫోన్ చేసేటప్పుడు మొదటి వాక్యంలోనే చెప్పాను, ఒక పోస్టు తెరిచారు, జీతం అప్పుడు మాట్లాడుకున్నదే, ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా ఉన్నది వదలొద్దు అని.

"నేను ఫీడ్ కంపెనీలో చేరిపోయాను సార్, సెప్టెంబర్లోనే" అన్నాడు. "జీతం మీరు చెప్పినదానికంటే రెండు వేలు తక్కువ. అయినా ఇప్పుడు మారను సార్." తర్వాత కాస్త ఆగి, "మా ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడి డీటెయిల్స్ పంపనా?" అన్నాడు.

పంపమన్నాను. మిగిలింది ఒక్క పోస్టేనని, దానికి ఆ ఫ్రెండ్ కంటే ముందు ఇంటర్వ్యూ అయినవాళ్లు నలుగురున్నారని కూడా చెప్పాను.